విరాసత్ అయ్యింది సరే, మిల్కియత్ ఎవరిది?

ఉర్దూ మీడియం బడిలో చదువుకున్నవాళ్లకు ‘ఇంతెకాల్’ అంటే చావు. ఎవరో పోయారని కబురొస్తే ‘ఇంతెకాల్ హో గయా’ అంటాం. జర్నలిజంలోకి వచ్చాక తెలిసింది, పంజాబ్ వైపు రెవెన్యూ దఫ్తర్లలో ఇదే మాటకు ఇంకో అర్థం ఉందని. అక్కడ భూమి రికార్డులో పేరు మారడాన్ని ఇంతెకాల్ అంటారు. మన తెలంగాణలో ఆ పనికి విరాసత్ అన్నాం, ఫౌతీ అన్నాం. ఫౌతీ కూడా చావు మాటే. ఇప్పుడు అందరం మ్యుటేషన్ అంటున్నాం. ఏ మాటలో చెప్పినా జరిగేది ఒకటే, రికార్డులో ఒక పేరు పోయి ఇంకో పేరు ఎక్కుతుంది. పేరు ఎక్కగానే మిల్కియత్ కూడా దాని వెంటే వచ్చేసిందనుకోవడం దగ్గరే గొడవ మొదలవుతుంది.

మొన్నామధ్య ఒక చెల్లెలు ఫోన్ చేసింది. సిద్దిపేట చుట్టుపక్కల ఊరే, పేర్లు వద్దు. వాళ్ల అబ్బా 2021లో పోయారు. నాలుగెకరాల జమీన్ ఉంది. వారసులు అమ్మీ, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. ముగ్గురికీ పెళ్లిళ్లయి ఎవరింట్లో వాళ్లున్నారు. చాలీస్వాఁ అయ్యాక అన్నదమ్ములు అమ్మీని తీసుకుని తహసీల్ ఆఫీసుకు వెళ్లి విరాసత్ చేయించుకున్నారు. చెరో రెండెకరాలకు పాస్‌బుక్కులు వచ్చాయి. కూతుళ్ల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. ఈ సంగతి చెల్లెళ్లకు నాలుగేళ్లు తెలియలేదు. పెద్దన్న తన రెండెకరాలు ఒక ప్లాట్ల వ్యాపారికి బేరం పెట్టాడని ఊళ్లో ఎవరో అంటే తెలిసింది.

‘భాయ్, పాస్‌బుక్కుల నా పేరే లేదంట. ఇగ నా హఖ్ పోయినట్టేనా?’ అని అడిగింది.

పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఇది రాస్తున్నా. ఈ సవాల్ ఆమె ఒక్కర్తిది కాదు, ప్రతి రెండో ఇంట్లో ఉంది.

ముందు లెక్క చూద్దాం. మన దగ్గర విరాసత్ మనిషి పోయిన క్షణంలోనే తెరుచుకుంటుంది. తహసీల్దార్ సంతకంతో కాదు. కఫన్ ఖర్చులు, అప్పులు, అమ్మీకి మెహర్ బాకీ ఉంటే అది, వసీయత్ ఉంటే అది మూడో వంతుకు మించకుండా, ఇవన్నీ పోగా మిగిలింది వారసులది. వాటాలు సూరా నిసా 11, 12 ఆయత్‌లలో ఉన్నాయి. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. మిగతా ఏడు భాగాలు కొడుక్కు రెండు, కూతురికి ఒకటి చొప్పున. ఇద్దరు కొడుకులకు నాలుగు, ముగ్గురు కూతుళ్లకు మూడు, అమ్మీకి ఒకటి, మొత్తం ఎనిమిది. నాలుగెకరాలంటే 160 గుంటలు. ఒక్కో భాగం 20 గుంటలు. అంటే అమ్మీకి 20 గుంటలు, కూతుళ్లకు తలా 20 గుంటలు, కొడుకులకు తలా 40 గుంటలు, ఒక్క ఎకరం.

ఇప్పుడు పాస్‌బుక్కులు చూడండి. ఎకరం వాటా ఉన్న పెద్దన్న పేరు మీద రెండెకరాలు ఉన్నాయి. రెండో అన్న సంగతీ అంతే. వాళ్లకు ఎక్కువ రాసిన ఆ 80 గుంటలు అమ్మీవీ, ముగ్గురు చెల్లెళ్లవీ.

ఇంత తేలిగ్గా ఎలా జరిగిందంటే, దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1971 నాటి రికార్డ్ ఆఫ్ రైట్స్ చట్టంలో వారసత్వంగా భూమి వస్తే 90 రోజుల్లో చెప్పాలని ఉండేది. పేరు మార్చే ముందు సంబంధం ఉన్నవాళ్లకు నోటీసు ఇచ్చి ఎతరాజ్‌లు వినాలనీ ఉండేది. అమలు ఎలా జరిగిందో మనందరికీ తెలుసు. వీఆర్ఓ చాయ్ తాగి రాసిందే రికార్డు. అయినా కాగితం మీద నోటీసు అనేది ఒకటి ఉంది. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, దానితో పాటు కొత్త పాస్‌బుక్ చట్టం వచ్చింది. వారసులందరూ ఒక ఉమ్మడి ఒప్పందం రాసుకుని, స్లాట్ బుక్ చేసుకుని వస్తే తహసీల్దార్ అక్కడికక్కడే పేర్లు మార్చేసేవారు. లంచాలు తగ్గుతాయన్నారు. కొంత తగ్గే ఉండవచ్చు. కానీ ‘వారసులందరూ’ అంటే ఎవరో చెప్పేది ఒప్పందం తెచ్చినవాళ్లే. అందులో లేని మనిషి ఆఫీసుకు కనపడదు. పెళ్లయిపోయిన కూతురు అసలే కనపడదు.

ఇది ముసల్మాన్ ఇళ్ల కథే అనుకోకండి. హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు చట్టం సమాన వాటా ఇచ్చాక కూడా ‘కట్నం ఇచ్చినం కదా’ అనే మాటతో ఇదే ఒప్పందం, ఇవే సంతకాలు నడుస్తున్నాయి. కాకపోతే మనం ఫరాయజ్ గురించి జుమ్మా ఖుత్బాలో విని, ఇంటికొచ్చి చెల్లెలి పేరు కొట్టేస్తాం. నాకు కోపం వచ్చేది అక్కడ.

సరే, రికార్డు ఏం రుజువు చేస్తుందో చూద్దాం. ఈ విషయంలో సుప్రీం కోర్టు చాలాసార్లు ఒకే మాట చెప్పింది. 1996లో సావర్ణి కేసులో, రెవెన్యూ రికార్డులో మ్యుటేషన్ జరిగినంత మాత్రాన టైటిల్ పుట్టదు, పోదు, ఆ పేరున్న మనిషి భూమిశిస్తు కట్టడానికే అది పనికొస్తుంది అంది. 2021 సెప్టెంబర్‌లో జితేంద్ర సింగ్ కేసులో అదే మాట మళ్లీ అంది. అక్కడ ఒక వీలునామా పట్టుకుని పేరు మార్చమని అడిగారు. వారసత్వం మీద తగాదా ఉంటే ముందు సివిల్ కోర్టుకు వెళ్లి హక్కు తేల్చుకోండి, మ్యుటేషన్ ఆ తీర్పును బట్టి జరుగుతుంది అని పంపింది. మన దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. సికింద్రాబాద్ కాకాగూడ భూమి మీద ఒక హౌసింగ్ సొసైటీకీ, మిలిటరీకీ నడిచిన దావాలో 2014లో తీర్పు వచ్చింది. నిజాం కాలం నాటి సేత్వార్, పహాణీల లాంటి కాగితాలు చూపించి భూమి మాదే అంటే చాలదు, టైటిల్ అడిగినవాళ్లు దాన్ని తమ సొంత బలం మీద రుజువు చేసుకోవాలి అంది కోర్టు. నిజాం నాటి రికార్డుకే ఆ మాట వస్తే నిన్నమొన్నటి పాస్‌బుక్‌కు రాదా?

అలాగని పాస్‌బుక్ చిత్తు కాగితం కాదు. ఈ మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే కొందరు వకీళ్లు రెండో వైపుకు మరీ ఒరిగిపోతారు. 1971 చట్టం సెక్షన్ 6 ప్రకారం రికార్డులో ఉన్నది, తప్పని రుజువయ్యేదాకా, నిజమనే అనుకోవాల్సి ఉండేది. అంటే పేరున్నవాడు నిమ్మళంగా కూర్చుంటాడు, లేనివాళ్లు గవాహీ తెచ్చుకోవాలి. ఇక ఏళ్ల తరబడి ఒకే పేరు సాగితే అది కబ్జాకు సాక్ష్యం అవుతుంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నుంచి నేటిదాకా ఒకే కుటుంబం పేరు వరుసగా ఉంటే ఏ కోర్టూ దాన్ని పక్కన పడేయదు. హిబా సంగతిలో కూడా అంతే. మనలో హిబా నోటిమాటతో చెల్లుతుంది, రిజిస్ట్రీ అక్కర్లేదు. ఇవ్వడం, పుచ్చుకోవడం, కబ్జా అప్పగించడం, ఈ మూడూ జరిగితే చాలు. 2011లో ఆంధ్ర నుంచి వెళ్లిన ఒక హిబానామా కేసులో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది. కానీ ‘అబ్బా నాకు నోటితో హిబా చేశారు’ అని ముప్పై ఏళ్ల తర్వాత ఒకరు లేస్తే, మరి ఇన్నేళ్లూ పహాణీలో నీ పేరు ఎందుకు ఎక్కించుకోలేదు అని కోర్టు అడుగుతుంది. పేరు ఎక్కకపోవడం అక్కడ కబ్జా రాలేదనడానికి గుర్తు అవుతుంది.

ఇంకా ముఖ్యమైనది, డబ్బు ఈ పేరు వెంటే నడుస్తుంది. బ్యాంకులో పంట అప్పు, 2018 నుంచి రైతుబంధు, ఇప్పటి రైతు భరోసా, అన్నీ పాస్‌బుక్ చూసి వచ్చేవే. మల్లన్నసాగర్ కింద మన జిల్లాలో వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి. భూసేకరణలో ఆఫీసు మొదట చూసేది రికార్డులోని పేరునే. 2013 భూసేకరణ చట్టంలో పేరు లేని హక్కుదారు కూడా ‘నాకు వాటా ఉంది’ అని ఎతరాజ్ పెట్టవచ్చు. పంపకం మీద తగాదా తేలేదాకా డబ్బు అథారిటీ దగ్గర జమ చేయించవచ్చు. కానీ ఆ మాట సమయానికి చెప్పాలి. చెక్కు ఖర్చయ్యాక ఎకరానికి వాటా ఎవరిదని వాదించడం, బర్రె అమ్మేశాక పలుపుతాడు కోసం కొట్లాడినట్టు ఉంటుంది. అందుకే తండ్రి పోయిన ప్రతి ఇంట్లో విరాసత్ చేయించాల్సిందే. మరహూమ్ పేరు మీదే రికార్డు వదిలేయడం మంచితనం కాదు. కాకపోతే అందులో అందరి పేర్లూ ఉండాలి.

మళ్లీ మా చెల్లెలి దగ్గరికి. అన్నలు రెండు మాటలు చెప్పారట. ఒకటి, ‘నువ్వు అబ్బా పోయిన రోజు మాకేం వద్దని హఖ్ మాఫ్ చేసినవు.’ రెండు, ‘నాలుగేండ్ల నుంచి మేమే దున్నుకుంటున్నం, ఇగ నీకేం రాదు.’

మొదటిది తీసుకుందాం. జనాజా ఇంట్లో ఏడుస్తూ ‘మీరు బాగుంటే చాలు భయ్యా’ అన్న మాటకు చట్టంలో విలువ లేదు. భూమిలో ఉన్న వాటాను వదులుకోవడం అంటే రిజిస్టర్డ్ దస్తావేజ్ కావాలి. హిబా చేసిందని అంటారా, అయితే ఆమె తన 20 గుంటలు ఎప్పుడు, ఎవరి ముందు ఇచ్చింది, కబ్జా ఎలా అప్పగించింది అని రుజువు చేయాల్సింది అన్నలే. అందరు వారసులూ కూర్చుని ఒక రాజీకి వస్తే దానికి బలం ఉంటుంది. కానీ అది కూర్చున్నవాళ్ల మధ్య రాజీ. చెల్లెళ్లు కూర్చోలేదు. అమ్మీ దస్తఖత్ ఉంది కదా అంటే, అది అమ్మీ వాటా గురించి మాట్లాడుకోవాల్సిన విషయం. ఆమె కూతుళ్ల వాటాలను ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా.

రెండోది, నాలుగేళ్ల కబ్జా. ఈ సవాల్‌కు 1956లోనే ఆంధ్ర నుంచి వెళ్లిన పి. లక్ష్మిరెడ్డి కేసులో సుప్రీం కోర్టు జవాబు చెప్పింది. ఉమ్మడి వారసుల్లో ఒకరు భూమిలో ఉన్నారంటే అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. ‘నీకు ఇందులో హఖ్ లేదు’ అని బాహాటంగా కాదని, అది అవతలివాళ్లకు తెలిసేలా బయటికి నెట్టేస్తేనే పరాయి కబ్జా మొదలవుతుంది. అప్పటి నుంచి పన్నెండేళ్లు గడవాలి. ఇక్కడొక చిక్కు ఉంది. కాదన్న రోజు నుంచి గడియారం నడవడం మొదలవుతుంది. ఇప్పుడు అన్నలు కాదన్నారు. ఆమెకు ఇంకా పన్నెండేళ్లు ఉన్నాయని కూర్చోవచ్చు. కానీ అవతల బేరం నడుస్తోంది.

ఆ ప్లాట్ల వ్యాపారి సంగతి చూడండి. ఆయన పాస్‌బుక్ చూశాడు, పోర్టల్‌లో పేరు చూశాడు, ఈసీ తీయించాడు. అన్నీ సాఫ్. ఎందుకు సాఫ్ ఉండవు? మనిషి చనిపోవడం రిజిస్ట్రీ కాదు, వారసులకు వాటా రావడం రిజిస్ట్రీ కాదు. కాబట్టి ఈసీలో చెల్లెళ్ల వాటా ఎన్నడూ కనపడదు. ఆయన 80 గుంటలకు డబ్బు ఇస్తే, అన్నకున్న 40 గుంటల ఉమ్మడి వాటా మాత్రమే ఆయనకు వస్తుంది. అమ్మేవాడికి లేనిది కొనేవాడికి రాదు. రిజిస్ట్రీ అయిన రోజే మ్యుటేషన్ కూడా అయిపోయి, ఆయన పేరు మీద 80 గుంటల కొత్త పాస్‌బుక్ వచ్చినా సరే, ఈ లెక్క మారదు. రిజిస్ట్రీ, మ్యుటేషన్ ఒకే గదిలో ఒకే పూట జరగడం మంచిదే. కానీ కొన్నవాళ్లకు అది సర్కారు ఇచ్చిన గ్యారెంటీలాగా కనిపిస్తుంది. సర్కారు ఆ గ్యారెంటీ ఎక్కడా ఇవ్వలేదు. నేను మంచి నమ్మకంతో కొన్నానని చెప్పి గట్టెక్కాలంటే, ఆయన సరిగా విచారించాడని కూడా చూపించాలి. వారసత్వంగా వచ్చిన భూమి అని తెలిసి, ‘మీ అబ్బాకు కూతుళ్లెందరు?’ అని అడగనివాడు విచారించినట్టు కాదు.

కొనేవాళ్లు ఆ ఒక్క సవాల్ అడిగితే సగం కేసులు పుట్టవు. అమ్మేవాడి తండ్రి ఎప్పుడు పోయాడు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఎవరెవరున్నారు, విరాసత్ ఫైల్లో పెట్టిన ఒప్పందంలో ఎందరి దస్తఖత్‌లు ఉన్నాయి. ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి పేర్లు లెక్కపెట్టాలి. తేడా వస్తే ఆ తేడా మనుషుల చేత కూడా బైనామా మీద సంతకం చేయించుకోవాలి, లేదా లేచి వెళ్లిపోవాలి. ఇంట్లో కొన్నా ఇదే. మున్సిపాలిటీలో ఇంటి పన్ను పేరు మారింది, రసీదు నా పేరు మీదే వస్తోంది అంటారు. పన్ను కట్టేవాడి పేరు అది, అంతే.

2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. అందులో వారసత్వ మ్యుటేషన్‌కు నోటీసు, విచారణ తిరిగి వచ్చాయి, అప్పీళ్ల దారి తెరుచుకుంది. ఇది నేను అడిగిన మార్పే, కాబట్టి బాగుందనే అంటాను. కానీ ఒక ఖతరా కూడా చెప్పాలి. తహసీల్దార్ 30 రోజుల్లో తేల్చకపోతే మ్యుటేషన్ తనంతట తానే అయిపోతుందన్నారు. దఫ్తర్ నిద్రపోతే పేదరైతు నష్టపోకూడదని ఆలోచన. అయితే నోటీసు ఊళ్లో గోడ మీద అంటుతుంది, కూతురు నిజామాబాద్‌లోనో బీదర్‌లోనో అత్తగారింట్లో ఉంటుంది. ముప్పై రోజుల ఖామోషీ రజామందీ అయిపోతుంది. నా డిమాండ్ చిన్నది. దరఖాస్తుతో పాటు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తప్పనిసరి చేయండి, అందులో ఉన్న ప్రతి పేరుకూ విడిగా నోటీసు అందినట్టు రసీదు ఉంటేనే ఆ ముప్పై రోజులు లెక్కపెట్టండి. అందులో అందరి ఫోన్ నంబర్లు అడగడం పెద్ద పనేం కాదు.

ఆ చెల్లెలికి నేను చెప్పినవి మూడే. విరాసత్ ఫైల్లోని ఒప్పందం, అబ్బా పేరున్న పాత పహాణీలు, ఫౌతీ సర్టిఫికెట్, వీటి సర్టిఫైడ్ కాపీలు తీసుకో. ఆఫీసులో ఎతరాజ్ రాతపూర్వకంగా పెట్టు, అవతల కొనే మనిషికి వకీల్ చేత నోటీసు పంపు, రేపు ఆయన తెలియదని అనకుండా. వాటా తేల్చేది మాత్రం తహసీల్దార్ కాదు, సివిల్ కోర్టులో తక్సీమ్ దావా. కోర్టు ముందు వాటాలు తేలుస్తూ ప్రాథమిక డిక్రీ ఇస్తుంది, తర్వాత అడ్వకేట్ కమిషనర్ వచ్చి గట్లు కొలిచి విడదీస్తాడు, అప్పుడు తుది డిక్రీ. దాన్ని బట్టి రికార్డు మారుతుంది. దావా నడుస్తుండగా ఎవరు కొన్నా ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. కోర్టు ఫీజు విషయంలో వకీల్‌తో జాగ్రత్తగా మాట్లాడమన్నా. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నానంటే ఫీజు నామమాత్రం, నన్ను బయటికి నెట్టేశారంటే వాటా విలువను బట్టి కట్టాలి. దావాలో రాసే ఆ ఒక్క వాక్యం తర్వాత కబ్జా లెక్కకు కూడా పనికొస్తుంది.

ఆమె కాపీలు తీసింది. ఒప్పందంలో వారసుల వరుస ఇలా ఉంది: భార్య, పెద్ద కొడుకు, చిన్న కొడుకు. కింద ఒక అచ్చువేసిన వాక్యం, ‘వీరు తప్ప ఇతర వారసులు ఎవరూ లేరు.’ దాని పక్కన అమ్మీ వేలిముద్ర. అమ్మీకి తెలుగు చదవడం రాదు. ఫోన్లో ఆమెకు ఆ వాక్యం చదివి ఉర్దూలో చెప్తే, చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత, ‘మైఁనే పూఛా థా బేటా, లడ్కియోఁ కే నామ్ కహాఁ హైఁ, బోలే బాద్ మేఁ చఢాయేంగే’ అందట. నోటీసు అందాక వ్యాపారి బయానా వెనక్కి అడిగాడు. పెద్దన్న ఇప్పుడు చెల్లెలి ఫోన్ ఎత్తడం లేదు. చిన్నన్న మాత్రం, నా ఎకరం నాకుంచి మిగతాది రాసిస్తా, కోర్టు ఖర్చు నా మీద వేయొద్దు అని కబురు పంపాడు. దస్తావేజ్ రిజిస్టర్ అయ్యేదాకా నమ్మొద్దని చెప్పాను.